సోమవారం మీ మొదటి రోజు: ఎలా రావాలి, ఏం తెచ్చుకోవాలి

శ్రావణి గారూ, నమస్తే.

సోమవారం నుంచి మీరు మా టీమ్‌లో ఉంటారు. ఇంటర్వ్యూలో ఆసుపత్రి బిల్లుకీ ఇన్సూరెన్స్ క్లెయిముకీ లెక్క ఎందుకు కుదరడం లేదో మీరు బోర్డు మీద మెట్టుమెట్టుగా విడదీసి చూపించారు. అలా ఆలోచించే మనిషి కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశాం. చాలా సంతోషంగా ఉంది.

పదింటికి వస్తే చాలు. హెచ్‌ఆర్ వాళ్లు అప్పుడే వస్తారు. ఎల్బీనగర్‌లో ఉంటున్నానన్నారు కాబట్టి మెట్రోయే నయం. అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలు ఎక్కండి, అదే చివరి స్టేషన్. బయట మన షటిల్ బస్సు ఉంటుంది, ఆఫర్ లెటర్ చూపిస్తే ఎక్కించుకుంటారు. గంటన్నర ముందే బయల్దేరండి. క్యాబ్‌లో వస్తే మాత్రం, వాన పడిందంటే బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఇరుక్కుపోతారు. ఆలస్యమైతే ఒక మెసేజ్ పెట్టండి, టెన్షన్ పడొద్దు. రిసెప్షన్ దగ్గరికి నేనే వస్తాను.

ఆధార్, పాన్, పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, క్యాన్సిల్డ్ చెక్కు తెచ్చుకోండి. ఈ వారాంతంలో ఒక్క పని చేయండి: ఆధార్‌లో, పాన్‌లో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. మనవాళ్లకు ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉండటం మామూలే. పీఎఫ్ దగ్గర పని ఆగేది అక్కడే. తేడా ఉంటే హెచ్‌ఆర్‌కి ముందే చెప్పండి. యూఏఎన్ కూడా పాతదే ఇవ్వండి. కొత్తది వస్తే పాత పీఎఫ్ డబ్బు కలుపుకోవడానికి తర్వాత తిప్పలు పడాలి.

ల్యాప్‌టాప్ సోమవారమే ఇస్తారు. యాక్సెస్‌లన్నీ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆలోగా ఖాళీగా కూర్చున్నానని ఇబ్బంది పడకండి. క్లెయిమ్స్ మాడ్యూల్ మీద నోట్స్ ఇస్తాను, చదువుతూ అర్థం కానివి రాసిపెట్టుకోండి.

ఇక పని గురించి. మొదటి నెలలో మీ నుంచి నేను కోరేది వేగం కాదు, ప్రశ్నలు. ఒకేచోట గంటకు మించి ఆగిపోతే పక్కవాళ్లను అడగండి. ఎవరూ విసుక్కోరు, ఆ మాట నాది. ఇక్కడ ఒక అంకె తప్పితే, డిశ్చార్జ్ రాసిన పేషెంటు ఇంటికి వెళ్లలేక బిల్లింగ్ కౌంటర్ దగ్గరే ఉండిపోతారు. అందుకే తెలియకుండా ముందుకెళ్లడం కంటే అడిగి ఆగడమే మేలంటాను. మీ కోడ్ ఎంత చిన్నదైనా ఇంకొకరు చూశాకే లైవ్‌కి వెళ్తుంది. నాదీ అంతే.

రోజూ పదింబావుకి పదిహేను నిమిషాల మీటింగ్ ఉంటుంది, అది తప్పనిసరి. బుధ, గురువారాలు ఇంటి నుంచి పనిచేయొచ్చు, కానీ మొదటి రెండు వారాలు ఆఫీసుకే రండి. రాత్రి డ్యూటీ రెండు నెలల దాకా మీకు వేయను.

సోమవారం మధ్యాహ్నం టీమంతా కలిసి భోంచేద్దాం. మీరు వెజ్జా, నాన్‌వెజ్జా ఈ మెయిల్‌కే జవాబు రాయండి, ఆ ప్రకారం చోటు చూస్తాను.

ఉంటాను,
రవికాంత్
టీమ్ లీడ్, క్లెయిమ్స్