మార్చి నెలాఖరులో, బ్యాంకులో పనిచేసే స్నేహితురాలికి జవాబు

ఒసే, నీ వాయిస్ మెసేజ్ ఇప్పుడే పూర్తిగా విన్నాను.

కౌంటర్ ముందు కస్టమర్లు చూస్తుండగా మీ మేనేజర్ "ఒక్క ఇన్సూరెన్స్ పాలసీ కూడా చేయించలేదు, నీకు జీతం దేనికి" అన్నాడా! వింటుంటేనే నాకు ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ పెన్షన్ల క్యూ, కేవైసీ కాగితాలు, సర్వర్ ఆగిపోతే జనం తిట్లు, అన్నీ ఒంటిచేత్తో లాక్కొచ్చింది నువ్వు. అదెవరికీ కనబడలేదు, టార్గెట్ మాత్రం కనబడింది. బాత్రూమ్‌లో ఏడ్చి, మొహం కడుక్కుని మళ్లీ సీట్లో కూర్చున్నానని ఏదో మామూలు సంగతిలా చెప్పేశావు చూడు, అక్కడ నాకు గొంతు పట్టేసింది. "చిన్నదానికే ఏడ్చానేమో" అన్నావు. చిన్నది కాదే అది.

ఉద్యోగం మానెయ్, ట్రాన్స్‌ఫర్ పెట్టుకో లాంటివేవీ నేను చెప్పను. ఆ లెక్కలన్నీ హోమ్ లోన్‌తో సహా నీ బుర్రలో ఎన్నిసార్లు తిరిగాయో నాకు తెలుసు.

పిల్లాడు పడుకున్నాక మాట్లాడాలనిపిస్తే ఫోన్ చెయ్యి, పదకొండైనా సరే. లేదూ, ఆ మేనేజర్‌ని తిడుతూ ఇంకో వాయిస్ పెట్టు, ఎంత పొడుగున్నా వింటాను (బూతులున్నా పర్లేదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాలే). దీనికి జవాబిచ్చే ఓపిక కూడా లేకపోతే వదిలెయ్, నేనేమీ అనుకోను.