ఫసలీ 1380

రామిరెడ్డి కబురు పంపకుండా తానే వచ్చేసరికి శేషగిరికి అర్థమైపోయింది, ఇది శిస్తు రసీదు పని కాదని. రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. అయినా కరణంతో పని పడితే అవతలినుంచి జీతగాడు ఓబులేసే వచ్చేవాడు. "సామీ, పెద్దాయన రమ్మంటాండాడు" అని చెప్పి వాకిట్లోనే నిలబడేవాడు. ఇవాళ పెద్దాయనే వచ్చి నాపరాయి అరుగు మీద కూర్చున్నాడు. పై పంచె తీసి మొహం తుడుచుకుని, తలుపు దగ్గరికి వెయ్యమన్నాడు.

1975 మార్చి నెల. తాడిపత్రి తాలూకాలో ఏ అరుగు మీద నలుగురు చేరినా సీలింగు మాటే. ఆ ఏడాది జనవరి 1 నుంచి భూసంస్కరణల చట్టం అమల్లోకి వచ్చింది. మెట్ట అయితే నేల తరగతిని బట్టి 35 నుంచి 54 ఎకరాలు, అయిదుగురున్న కుటుంబానికి అంతే. మిగిలింది సర్కారుకు అప్పజెప్పాలి. ఎంత ఉందో ఎవరికి వాళ్లు డిక్లరేషన్ రాసివ్వాలి. రామిరెడ్డికి పెద్దకొడుకు వాటా తీసేసినా మిగులు తేలుతోంది. చట్టం వస్తుందని తెలిసి ముందే అమ్మేసినట్టు చూపించేవాళ్ల కోసం అందులో ఒక తేదీ పెట్టారు: 1971 జనవరి 24. ఆ రోజు తర్వాత చేసిన అమ్మకమైతే, సీలింగు తప్పించుకోవడానికి చేసింది కాదని అమ్మినవాడే రుజువు చేసుకోవాలి. అంతకు ముందు తేదీ ఉన్న కాగితానికి అందుకే ఆ నెలల్లో అంత గిరాకీ.

రామిరెడ్డి బొడ్లోంచి ఒక స్టాంపు కాగితం తీసి మడత విప్పాడు. అంచులు పసుపుపచ్చగా మారాయి. వెనకవైపు వెండరు రాత చెక్కు చెదరలేదు. వరుస నంబరు, 1970 నవంబరు 18, కొన్నవారి పేరు రామిరెడ్డి. ముందువైపు ఖాళీ.

"అప్పుడు దేనికో కొన్నాంలే, ఆ పని జరగల్యా. ఇన్నాళ్లూ పెట్టెలో పడుండాది" అన్నాడు. "214 సర్వే నంబరు, పద్నాలుగెకరాల ఇరవై సెంట్లు. ఓబులేసుకు అమ్మి స్వాధీనం చేసినట్లు అగ్రిమెంటు రాయల్ల. అడంగల్‌లో ఆ ఏటి నుంచి అనుభవం వాని పేరున పడల్ల. అంతే."

"నేను కరణమై రెండేండ్లే గదా రెడ్డిగారూ. 70లో మా నాయన ఉన్నాడు."

"అందుకే నీ కాడికి వచ్చింది. మీ నాయన రాత నీ రాత ఒకటే. కింద 'వ్రాసినది కరణం గుండూరావు' అని ఉంటే చాలు. ఆయప్ప లేచొచ్చి నేను రాయలేదని చెప్పబోడు."

ఆ మాట అన్నాక రామిరెడ్డి కూడా ఒక క్షణం అటు తిరిగి చూశాడు. గుండూరావు, ఆయన ఈ అరుగు మీదే ముప్పై ఏళ్లు ఎదురెదురుగా కూర్చుని వక్కాకు వేసుకున్నవాళ్లు.

"ఆ చేను మా తాత చేసింది సామీ" అన్నాడు కాస్త తగ్గి. "అంతా రాళ్లు. ఏరి ఏరి గట్టు పెట్టినాడు. ఇప్పుడు ఎవురో హైదరాబాదులో కూర్చోని ఒక అంకె రాస్తే ఇచ్చేయాల్నా?"

శేషగిరి జవాబు చెప్పలేదు. రెడ్డి కాగితాన్ని లెక్కల పెట్టె మీద పెట్టి, "శుక్రవారం అనంతపురం పోవల్ల" అని లేచాడు. వెళ్తూ గోడమీంచి తన ఇంటివైపు కేకేసి, కరణం ఇంటికి నాలుగు కడవల నీళ్లు ఎక్కువ తోడి పొయ్యమని చెప్పాడు.

ఆ నీళ్ల సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఎండాకాలం ఊరి బావి అడుగంటితే, తాగే నీళ్లు ఊరేది రెడ్డి తోట బావిలో ఒక్కదాంట్లోనే. కరణం ఇనాం నాలుగెకరాలు దున్నేది రెడ్డి ఎద్దులే. చిన్నకూతురి పురుడప్పుడు అర్ధరాత్రి బండి కట్టించి సరస్వతిని తాడిపత్రి ఆస్పత్రికి చేర్చింది రెడ్డి ఇంటివాళ్లే. వీటిలో ఏ ఒక్కటీ ఆయన ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే శేషగిరికి ఆ రోజు కొంత తేలికయ్యేది.

"రాసెయ్యండి" అంది సరస్వతి. "చుట్టుపక్కల రాయని కరణమెవరు? మీరు కాదంటే ఇంకొకరు రాస్తారు. నీళ్లు మాత్రం మనకు ఇంకొకరు పొయ్యరు."

ఆమె చెడ్డది కాదు. చంకన కడవ పెట్టుకుని మైలు దూరం నడిచిన మనిషికి ఆ కడవ బరువు తెలుసు, మొగుడికి తెలియదు. శేషగిరి దగ్గర ఆ మాటకు జవాబు లేదు.

రాత్రి లాంతరు పెట్టుకుని ఫసలీ 1380 అడంగల్ తీశాడు. 1970 జులై నుంచి 71 జూన్ దాకా లెక్క. అంతా తండ్రి గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి జారిపోయే ఆ రాత బయటివాళ్లకు చదవడం కూడా కష్టం. శేషగిరికి పదేళ్లప్పటి నుంచి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. చివరి సంవత్సరాల్లో చూపు తగ్గాక ఆయన చెబుతుంటే రాసిందంతా కొడుకే. జమాబందీలో కూడా ఎవరూ తేడా పట్టలేదు.

214 దొరికింది. పట్టాదారు రామిరెడ్డి. అనుభవం, స్వయం. పంట, వేరుశెనగ. రిమార్కుల గడిలో 'గట్టున వేపమాను 1'. పక్కనే అజమాయిషీకి వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పొట్టి సంతకం. 'స్వయం' అన్న మాట తర్వాత గడిలో చోటుంది, ఒక పేరు పట్టేంత. చాలామంది కరణాలు అలా వదిలేవాళ్లు, అవసరం పడుతుందని. గుండూరావు వదల్లేదు. ఆ ఖాళీలో గడి చివరిదాకా అడ్డగీత లాగి ఉంది. పైగడి చూశాడు, కిందిది చూశాడు. పేజీ తిప్పాడు. ప్రతి గడిలోనూ గీత. తాను పక్కన కూర్చుని రాసిన ఏళ్లలో కూడా "గీత లాగినావా?" అని ఆయన అడగకుండా పేజీ తిప్పనిచ్చేవాడు కాదు. అప్పట్లో అది చాదస్తం అనుకున్నాడు. ఆ గీత మీద ఓబులేసు పేరు రాయాలంటే ముందు దాన్ని గీకాలి. గీకితే కాగితం పలచబడుతుంది, వెలుగుకు పెట్టి చూసిన ఏ గుమాస్తాకైనా తెలిసిపోతుంది.

కానీ శేషగిరిని ఆపింది పట్టుబడతానన్న భయమని చెబితే అది అబద్ధం. కొత్త పేజీ కుట్టి మొత్తం తిరగరాయడం ఆయనకు చేతకాని పనేం కాదు, ఆ ఆలోచన కూడా వచ్చింది.

మరునాడు పొద్దున ఓబులేసు వచ్చాడు. ఈసారి ఎవరూ పంపలేదు.

"సామీ, నన్ను దేనికో వేలిముద్ర ఎయ్యమంటాండారు. ఏముండాది దాంట్లో?"

శేషగిరి చెప్పాడు. ఓబులేసు చాలాసేపు నేలవైపు చూశాడు.

"పద్నాలుగెకరాలు నాకా?"

"కాగితంలో."

"శిస్తు ఎవురు కడతారు?"

"నీ పేరుతో వాళ్లు కడతారు."

"మరి గుట్టకింద బంజరుకు అర్జీ పెట్టినాం గదా సామీ, మీరే రాసిస్తిరి. రెండెకరాలు. అది?"

శేషగిరికి అప్పటిదాకా అది తట్టలేదు. బంజరు పట్టా భూమిలేని పేదవాడికే ఇస్తారు. ఆ జాబితా మీద 'ఇతనికి వేరే భూమి లేదు' అని రాయాల్సింది కరణమే. పద్నాలుగెకరాల ఆసామికి ఏమని రాస్తాడు? లేని భూమి ఇతని పేరున ఒక కలంతో ఎక్కించి, రాబోయే భూమిని అదే కలంతో కొట్టెయ్యాలి.

"అది రాదు ఓబులేసూ" అన్నాడు.

"అట్లయితే నేను ఎయ్యను సామీ" అన్నాడు ఓబులేసు. అని, వెంటనే, "ఎయ్యనని చెప్పేదానికి నాకు నోరు యాడుంది" అన్నాడు.

ఆ సాయంత్రమే శేషగిరి గోడ అవతలికి వెళ్లి స్టాంపు కాగితం తిరిగిచ్చాడు. రామిరెడ్డి ముందువైపు తిప్పి చూశాడు. ఖాళీగానే ఉంది.

"ఈ రోజు తేదీ వేసి, నా పేరుతో రాయమంటే ఇప్పుడే రాస్తాను" అన్నాడు శేషగిరి.

"ఈ రోజు తేదీ వేసింది నాకేమిటికి, మెడకు చుట్టుకునేదానికా?"

"మా నాయన పేరుతో మాత్రం రాయలేను. ఓబులేసుకు బంజరు పట్టా పోతుంది."

"వానికి కూడు పెట్టేది నేను."

"నిజమే."

"నీ నాలుగెకరాలు ఎవురి ఎద్దులతో దున్నుతాండావు?"

"మీవే."

"ఆ చేను రాళ్లు మా తాత ఏరినాడని చెప్తి గదా."

"ఓబులేసు వాళ్ల తాత కూడా ఏరింటాడు రెడ్డిగారూ" అన్నాడు శేషగిరి. అది అనాలని అనుకుని రాలేదు. నోట్లోంచి వచ్చేసింది.

రామిరెడ్డి గట్టిగా అరవలేదు. "పొయ్యిరా సామీ" అన్నాడు. అంతే.

తెల్లవారి మొదటి బస్సుకు శేషగిరి ఫసలీ 1378 నుంచి 1383 దాకా అడంగళ్లు గుడ్డలో మూటకట్టి తాడిపత్రి తీసుకెళ్లాడు. తాలూకా ఆఫీసు గుమాస్తా విసుక్కున్నాడు. ట్రిబ్యునల్ అడగనిదే ఎందుకు తెచ్చావన్నాడు. శేషగిరి రాసుకొచ్చిన కాగితం ముందు పెట్టాడు: ఏ పుస్తకంలో ఎన్ని పేజీలు, కొట్టివేతలు దిద్దుబాట్లు లేవు, సీలింగు విచారణ జరుగుతున్నందువల్ల ఆఫీసులో భద్రపరచగలరు. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని, తేదీ వేసిన రసీదు చేతికొచ్చాకే లేచాడు. పుస్తకాలు ఇంట్లో ఉంటే రేపో ఎల్లుండో మనసు మారదని తనకు నమ్మకం లేదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు, అందుకే ఆ తొందర.

రామిరెడ్డి వేరే ఊరి రాతగాడిని పట్టుకుని ఆ స్టాంపు మీదే అగ్రిమెంటు రాయించాడు. ఓబులేసు బదులు వరసకు బావమరిదయ్యేవాడు కొన్నట్టు. ట్రిబ్యునల్లో అడంగల్ తెప్పించి చూస్తే 'స్వయం' అని ఉంది, పక్కన గీత ఉంది. ఆ కేసు అప్పీళ్లలో ఏళ్ల తరబడి నడిచింది. 214లో ఆ ఏడు కూడా వేరుశెనగ రెడ్డే వేశాడు.

గోడ అవతలినుంచి నీళ్లు ఆగిపోయాయి. సరస్వతి మైలు దూరం నడిచింది. మొగుణ్ని ఒక్క మాటా అనలేదు. ఆమె అనకపోవడం శేషగిరికి భారంగా ఉండేది, దాంతో రెండో కడవ తాను ఎత్తుకున్నాడు. కరణం నీళ్లు మోస్తున్నాడని ఊరు వింతగా చూసింది. జీతం మానుకోమన్నారని ఓబులేసు రాళ్ల గనిలో కూలికి పోయాడు. బంజరు జాబితాలో అతని పేరు ఎదురుగా శేషగిరి 'భూమి లేదు' అని రాసి, గడి చివరిదాకా గీత లాగాడు.

వానలు పడ్డాక ఇనాం చేను బీడు పెట్టేదానికే సిద్ధపడ్డాడు. ఒకరోజు పొద్దున్నే ఓబులేసు గుంటక భుజాన వేసుకుని, రెండు బక్క ఎద్దులను తోలుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఇవి నావి కావు సామీ, బాడుగకు తెచ్చినా. దున్నేదానికి నాకేం వద్దు గానీ, బాడుగ మాత్రం ఈ పూటే ఇయ్యల్ల. మాపు నా రెండెకరాలకు తోలుకోని పోవల్ల."

శేషగిరి లోపలికి వెళ్లి సరస్వతిని డబ్బులడిగాడు.