కేటలాగ్ కొత్త పద్ధతి: మొదటి నాలుగు సరుకులు

అన్నా,

పాత కేటలాగ్‌ను తిరగరాయడం మొదలుపెట్టాను. ఇకపై ఏ సరుకైనా ఒకటే వరుస: టైటిల్, ప్రత్యేకతలు, వివరాలు, జాగ్రత్తలు. ఎందుకు మార్చాల్సి వచ్చిందో కలంకారీ దుపట్టా పాత రాత చూస్తే మీకే తెలుస్తుంది:

"మనసు దోచే అందం, తరతరాల వైభవం! శ్రీవారి పాదాల చెంత పుట్టిన అపురూప కలంకారీ ఇప్పుడు మీ ఇంటికి. అచ్చమైన సహజ రంగులు. పెళ్ళిళ్ళకు, పండగలకు, బహుమతులకు ఎంతో అనువైనది. కాస్త జాగ్రత్తగా ఉతకాలి. త్వరపడండి!"

కొనేవాళ్ళకి ఇందులో పనికొచ్చేవి రెండే ముక్కలు: సహజ రంగులు, జాగ్రత్తగా ఉతకాలి. పొడవెంతో లేదు, జాగ్రత్తగా అంటే ఎట్లాగో లేదు. ఆ లోటంతా వదిన ఫోన్‌లో పూడుస్తోంది. అందుకే జాగ్రత్తల భాగం చాలావరకు వదిన రోజూ చెప్పే జవాబులే. నేను వరుసలో పెట్టానంతే. ఇంకొకటి, ముక్కంటి ఊళ్ళో పుట్టిన కళని శ్రీవారి ఖాతాలో వేస్తే కాళహస్తి వాళ్ళు ఊరుకోరు. ఆ మాట అన్నిచోట్లా తీసేశాను.

1. కలంకారీ

టైటిల్: శ్రీకాళహస్తి కలంకారీ నూలు దుపట్టా, చేత్తో గీసిన నెమళ్ళు, ఎరుపు-నలుపు

ప్రత్యేకతలు
- వెదురు కలంతో చేత్తో గీసినది. అచ్చు వేసినది కాదు. అందుకే ఏ రెండు నెమళ్ళూ అచ్చం ఒకేలా ఉండవు.
- గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరబెట్టాకే గీస్తారు. రంగు పాకకుండా నిలిచేది దీనివల్లే.
- నలుపు: ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన కసిమి. ఎరుపు: పటికతో గీసిన గీతల మీద, చెట్టు వేళ్ళ నుంచి తీసిన రంగు ఎక్కించి ఉడకబెట్టడంతో వచ్చినది.
- కొత్తలో పాలు, కరక్కాయ కలిసిన వాసన కొద్దిగా ఉంటుంది. గాలికి ఆరేస్తే, ఒకటి రెండు ఉతుకులయ్యాక తగ్గిపోతుంది.

వివరాలు
- గుడ్డ: నూలు
- పొడవు 2.5 మీటర్లు, వెడల్పు 90 సెం.మీ.
- బరువు: సుమారు 250 గ్రాములు
- రంగులు: ఎరుపు, నలుపు, నేల లేత గోధుమ రంగు
- తయారీ: శ్రీకాళహస్తి, తిరుపతి జిల్లా
- ధర: రూ. 2,800

జాగ్రత్తలు
- మొదటి రెండు మూడు సార్లు విడిగా, చల్లనీళ్ళలో ఉతకండి. కుంకుడు రసం మంచిది, లేదంటే ఘాటు లేని సబ్బు.
- నానబెట్టి వదిలేయొద్దు. బ్రష్‌తో రుద్దొద్దు, మెలిపెట్టి పిండొద్దు.
- మరక పడితే నిమ్మరసం, వెనిగర్ రాయకండి. నలుపు ఇనుము నుంచి వచ్చింది కాబట్టి పులుపు తగిలినచోట వెలిసిపోతుంది. బ్లీచ్ అసలే వద్దు.
- నీడలో ఆరేయండి. ఇస్త్రీ తిరగేసి చేయండి.

వాసన సంగతి ప్రత్యేకతల్లో పెట్టానేమిటి అనుకుంటారేమో. కావాలనే పెట్టాను. వాపసు పంపినవాళ్ళలో కొందరు "పాత సరుకు, ముక్క వాసన" అని రాశారు. ముందే చెబితే అదే చేతిపనికి గుర్తు అవుతుంది, పార్సిల్ విప్పాక చెబితే సాకు అవుతుంది. భౌగోళిక గుర్తింపు ముద్ర మాత్రం ఫొటోల మీద వేయలేదు. ఆ ముద్ర వాడుకునే హక్కు అధీకృత వాడుకరిగా నమోదైనవాళ్ళకే ఉంటుంది. గీసినవాళ్ళ నమోదు కాగితం మన చేతికొచ్చాక వేద్దాం.

2. వెంకటగిరి చీర

టైటిల్: వెంకటగిరి చేనేత నూలు చీర, జాందానీ బుటాలు, జరీ అంచు, ఆకుపచ్చ

ప్రత్యేకతలు
- సన్నటి 100 కౌంట్ నూలు. కట్టుకుంటే బరువు తెలియదు, ఎండాకాలానికి హాయి.
- బుటాలు మగ్గం మీదే నేసినవి, తర్వాత కుట్టినవి కావు. చీర వెనక దారాలు వేలాడవు, గాజులకు, మెట్టెలకు తగులుకోవు.

వివరాలు
- పొడవు: 5.5 మీటర్లు, జాకెట్ ముక్క 80 సెం.మీ.
- వెడల్పు: 120 సెం.మీ.
- నూలు: పడుగు, పేక రెండూ 100 కౌంట్
- అంచు: 7.5 సెం.మీ., హాఫ్ ఫైన్ జరీ
- తయారీ: వెంకటగిరి, తిరుపతి జిల్లా
- ధర: రూ. 4,600

జాగ్రత్తలు
- చల్లనీళ్ళలో చేత్తో ఉతకండి, మెషిన్‌లో వేయొద్దు. ఉతికాక పలచటి గంజి పెడితే నిలబడుతుంది.
- జరీ మీద సెంటు కొట్టొద్దు, నల్లబడుతుంది.
- పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. అప్పుడప్పుడు మడతలు మార్చండి, లేకపోతే మడత దగ్గరే చీర చిరుగుతుంది.

పాత రాతలో "స్వచ్ఛమైన జరీ" అని ఉంది. బిల్లు చూశాను, హాఫ్ ఫైన్. ఈ ధరకి అసలు జరీ ఎవరిస్తారన్నా? ఉన్నది ఉన్నట్టే రాశాను.

3. మాధవమాల కొయ్యబొమ్మ

టైటిల్: మాధవమాల చెక్కబొమ్మ, వేంకటేశ్వరస్వామి, వేపచెక్క, 30 సెం.మీ.

ప్రత్యేకతలు
- ఉలితో చేత్తో చెక్కినది. కిరీటం నుంచి పీఠం దాకా ఒకే చెక్క, అతుకు లేదు.
- రంగులు వేయలేదు, పైన పాలిష్ మాత్రమే. చెక్క గీతలు కనిపిస్తాయి.

వివరాలు
- ఎత్తు 30 సెం.మీ., వెడల్పు 13 సెం.మీ., మందం 6 సెం.మీ.
- బరువు: సుమారు 850 గ్రాములు
- తయారీ: మాధవమాల, తిరుపతి జిల్లా
- ధర: రూ. 1,950

జాగ్రత్తలు
- నీళ్ళతో, పాలతో అభిషేకం చేయొద్దు. చెక్క ఉబ్బి పగులుతుంది. పూజలో పూలు, అక్షింతలు చాలు.
- తడి కుంకుమ, గంధం నేరుగా బొమ్మకు పెడితే మరక పోదు.
- దీపాన్ని కనీసం జానెడు దూరంలో పెట్టండి.
- పొడిగుడ్డతో తుడవండి. ఎండ నేరుగా పడేచోట వద్దు.

దీని పాత టైటిల్‌లో "ఎర్రచందనం ఫినిష్" అని ఉంది. పాలిష్ రంగు గురించే రాశారని నాకు తెలుసు, కానీ మన జిల్లాలో ఆ మాట పెట్టుకుని చెక్కబొమ్మ ఆన్‌లైన్‌లో అమ్మితే ఫారెస్టు వాళ్ళు ముందు మనింటికే వస్తారు. ఫొటో ఫైలు పేర్లలో కూడా మార్చాను.

4. పలమనేరు కూజా

టైటిల్: పలమనేరు మట్టి కూజా, మూతతో, 3 లీటర్లు

ప్రత్యేకతలు
- కాల్చిన మట్టి, లోపల పూత ఏమీ లేదు. నీళ్ళు చల్లబడేది మట్టిలోని సన్నటి రంధ్రాల వల్లే.
- బయట చెమ్మ పడితే కూజా కారుతోందని కాదు.

వివరాలు
- 3 లీటర్లు, ఎత్తు 28 సెం.మీ., బరువు 1.6 కిలోలు
- తయారీ: పలమనేరు, చిత్తూరు జిల్లా
- ధర: రూ. 450

జాగ్రత్తలు
- వాడేముందు ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోయండి.
- సబ్బు వాడొద్దు, మట్టి పీల్చుకుని నీళ్ళకు ఆ వాసన వస్తుంది. కొబ్బరిపీచుతో కడిగితే చాలు.
- వారానికోసారి ఖాళీ చేసి ఎండలో పెట్టండి.
- కింద పళ్ళెం పెట్టండి, బల్ల తడవకుండా.

మిగతా సరుకు ఇదే పద్ధతిలో రాసుకుంటూ పోతాను. మామిడి తాండ్ర మాత్రం ఆపాను, ప్యాకెట్ మీద తయారీ తేదీ, గడువు లేకుండా అది ఆన్‌లైన్‌లో పెట్టలేం. బంగారుపాళ్యం నుంచి వచ్చే సరుకుకి లేబుల్ వేసి పంపమని మీరొకసారి ఫోన్ చేయండి. కలంకారీ చీరలు టేపుతో కొలిచి రాసి పెట్టమని షాపులో పిల్లలకి చెప్పాను, సాయంత్రానికి ఇస్తామన్నారు.