సీను తెచ్చిన పెనం

థర్మాకోల్ పెట్టె మూత తీయగానే తెల్లటి పొగ అంచులు దాటి నేల మీదికి జారింది. సీను వంగి చెయ్యి పెట్టబోతే భవాని వాడి చొక్కా పట్టుకుని లాగింది.

"గ్లౌజులు వేసుకోరా. మైనస్ 78 డిగ్రీలు అది. ముట్టుకుంటే చర్మం ఊడొస్తుందని సార్ ఎన్నిసార్లు చెప్పారు?"

"పొగే కదే పట్టుకుందామనుకున్నా."

కంటికి కనపడని కణాలను చూద్దామని క్లౌడ్ చాంబర్ కడుతున్నారు. దానికి డ్రై ఐస్ దొరకడమే పెద్ద తంటా అయింది. మిగతావన్నీ స్కూల్లో, ఇళ్లలో పోగేసినవే. సీను వాళ్లింట్లో మూలనపడ్డ చిన్న చేపల తొట్టి, బోర్డు డస్టర్లకు అంటించే ఫెల్ట్ గుడ్డ, పాత రేడియో స్పీకర్ల నుంచి ఊడదీసిన అయస్కాంతాలు. స్టీలు ట్రేకి బ్లాక్‌బోర్డు పెయింటు రెండు పూతలు వేశారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మాత్రం సార్ ల్యాబు అలమరా తాళం తీసి స్వయంగా ఇచ్చారు, దగ్గర్లో అగ్గిపుల్ల కూడా గీయొద్దని చెప్పి మరీ.

డ్రై ఐస్ ముక్కల మీద ట్రే పెట్టారు. ఆల్కహాల్లో తడిపిన ఫెల్ట్‌ను తొట్టి అడుగున లోపలొక అయస్కాంతం, బయటొక అయస్కాంతం పెట్టి నిలబెట్టారు. తొట్టిని తలకిందులుగా ట్రే మీద బోర్లించి, అంచుల చుట్టూ బంకమట్టి మెత్తారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. తలుపు మాత్రం ఓరగా తెరిచే ఉంచారు. డ్రై ఐస్ నీరవకుండా నేరుగా కార్బన్ డయాక్సైడ్ వాయువు అయిపోతుంది, మూసేసిన గదిలో అది పేరుకుంటే ఊపిరాడదు.

ఇక చూడ్డమే. తొట్టిలో సన్నటి జల్లు తప్ప ఏమీ లేదు.

"వాన పడుతోంది" అన్నాడు సీను. "కణాలేవే?"

"ఆగు. ఆవిరి కుదురుకోవాలి."

ఆగారు. అయినా జల్లే. సీను టార్చిని పైనుంచి వేసి చూశాడు, ట్రే తళతళా మెరిసింది తప్ప ప్రయోజనం లేదు. భవాని మోకాళ్ల మీద కూర్చుని తొట్టి అంచుల వెంట మెల్లగా కళ్లు తిప్పింది. ఒక మూల పొగ సుడి తిరుగుతోంది. అక్కడ మట్టి ఎండి చిన్న పగులు. తడి మట్టి అద్దింది. తర్వాత సీను చేతిలోంచి టార్చి తీసుకుని బల్ల మీద పడుకోబెట్టింది, వెలుగు ట్రేకి సమాంతరంగా, దాదాపు ఆనుకుని పోయేలా.

అప్పుడు కనిపించింది. ట్రేకి ఓ సెంటీమీటరు ఎత్తులో, సాలెపోగు కన్నా కాస్త లావుగా, ఒక తెల్ల గీత. ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతూ రాలేదు, మొత్తం ఒక్కసారే ఉంది. రెండు సెకన్లు నిలిచి, మధ్యలో తెగి, తుంపరై కిందికి దిగిపోయింది.

"చూశావా?"

"దుమ్మేమో."

"దుమ్ము రూళ్లకర్ర పెట్టి గీసినట్టు పడుతుందా?"

వాడు జవాబివ్వబోయేలోపే ఇంకోటి. దాని పక్కనే మెలికలు తిరిగిన సన్నటిది. మరి కాసేపటికి బొద్దుగా, పొట్టిగా, రెండంగుళాలైనా లేనిది. సీను గాజుకు ముక్కు ఆనించేశాడు. ఊపిరికి గాజు మసకబారితే భవాని వాణ్ణి వెనక్కి నెట్టి చున్నీతో తుడిచింది.

సార్ వెనకాల స్టూలు మీద కూర్చుని పేపర్లు దిద్దుతున్నారు, ఫోను లైటుకు చెయ్యి అడ్డం పెట్టుకుని. తలెత్తకుండానే అన్నారు: "లావుది ఆల్ఫా కణం. గాల్లో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఉంటుంది, దాన్నుంచి వచ్చుంటుంది. మెలికలది ఎలక్ట్రాన్, తేలిక కదా, దారిలో ఏది తగిలినా పక్కకు తిరిగిపోతుంది. తిన్నగా పోయేవాటిలో చాలావరకు మ్యూయాన్లు, ఎలక్ట్రాన్‌కు బరువైన అన్నలాంటివి."

"కణం అంత పొడుగుంటుందా సార్?"

"మీరు చూసేది కణాన్ని కాదురా, అది పోయిన దారిని. పోతూపోతూ గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి వాటిని అయాన్లుగా మారుస్తుంది. చల్లబడ్డ ఆవిరి ఎక్కడ చుక్క కడదామా అని కాచుకుని ఉంది కదా, ఆ అయాన్ల మీద కడుతుంది. విల్సన్ అనే ఆయన 1911లో మొదటిసారి ఇలాంటి దారులు చూశాడు. ఆయన మొదలుపెట్టింది కణాల కోసం కాదు, స్కాట్లాండ్‌లో ఓ కొండ మీద మబ్బులు చూసి, వాటిని ల్యాబులో తయారుచేద్దామని."

"మరి మ్యూయాన్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి సార్?"

"పైనుంచి. అంతరిక్షం నుంచి ప్రోటాన్లు వచ్చి గాలిని గుద్దుతాయి, ఓ పదిహేను కిలోమీటర్ల ఎత్తులో. అక్కడి ముక్కల్లోంచి పుట్టినవే ఇక్కడిదాకా దిగుతాయి."

సీను ఒక్క క్షణం ఆలోచించి, చెప్పాపెట్టకుండా బయటికి పరుగెత్తాడు. వచ్చేటప్పుడు చంకలో ఇనప పెనం ఉంది.

"పైనుంచి వస్తే దీన్ని అడ్డం పెడదాం. ఆగిపోతే సార్ చెప్పింది నిజం."

"అమ్మ కొడుతుందిరా."

"అమ్మ ఊళ్లో లేదు."

రెండు చేతులా పట్టుకుని తొట్టి మీదికి దించాడు. ఇంకా అంగుళం దూరం ఉండగానే పైనున్న అయస్కాంతాలు దాన్ని ఠంగుమని లాక్కున్నాయి. తొట్టి మొత్తం అదిరింది. లోపలి పొగ కలగాపులగమైపోయింది.

భవాని ఏమీ అనలేదు. అనకపోవడమే వాడికి ఎక్కువ భయం వేసింది. గోడకు ఆనుకుని నిలబడి, పొగ మళ్లీ పరుచుకునేదాకా కదల్లేదు.

ముందు ఒకటి వచ్చింది. వెంటనే ఇంకో రెండు, పెనం కిందే, ఏ అడ్డూ లేనట్టు.

"ఆగలేదు" అన్నాడు సీను. గొంతులో గెలుపు ఉందో నిరాశ ఉందో వాడికే తెలియదు. "అంటే పైనుంచి రావట్లేదు. సార్, మీరు చెప్పింది..."

"ఒరే, పైకి చూడు" అంది భవాని.

చూశాడు. ఫ్యాను, దానికి పట్టిన బూజు.

"ఏముంది?"

"స్లాబ్. మొదట్నుంచీ మనం స్లాబ్ కిందే కూర్చున్నాం. అంత కాంక్రీటు దాటుకుని వచ్చింది నీ పెనానికి ఆగుతుందా?"

సార్ పెన్ను కింద పెట్టేశారు. "అడ్డం పెట్టి చూడాలనుకున్నావు చూడు, అది బాగుందిరా. అడ్డం చాల్లేదంతే. వీటిని లెక్కపెట్టడానికి మనుషులు గనుల్లోకి కూడా దిగారు. లోతుకు పోయేకొద్దీ తగ్గుతాయి కానీ, పెనంతో పనికాదు. సరే, ఇప్పుడు నిమిషానికి ఎన్నో చెప్పండి. ఎవరికి వారు లెక్కపెట్టండి, ఒకరి కాగితం ఒకరు చూడొద్దు."

సార్ ఫోన్లో టైమర్ పెట్టారు. గదిలో డ్రై ఐస్ చిటపటలు తప్ప చప్పుడు లేదు. టైమర్ మోగింది.

సీను కాగితం మీద 14. భవాని కాగితం మీద 39.

"దొంగ లెక్క" అన్నాడు సీను.

"నువ్వే నిద్రపోయావు."

ఇద్దరూ అరుచుకున్నాక తేలిందేమిటంటే, సీను పొడుగ్గా, తిన్నగా ఉన్నవాటినే వేసుకున్నాడు. భవాని కంటపడ్డ ప్రతిదీ వేసింది: పొట్టివి, మెలికలవి, చుక్కలాగా మెరిసి పోయినవి కూడా.

"చుక్కలు మ్యూయాన్లెలా అవుతాయే?"

"నిట్టనిలువుగా దిగితే? మనకు కనిపించే పొర సెంటీమీటరే కదా. పైనుంచి చూస్తే చుక్కలాగే ఉంటుంది."

సీను నోరు తెరిచి మూశాడు. ఆ మాట వాడికి తట్టనందుకు కాస్త ఉడుక్కున్నాడు కూడా. "అయితే చుక్కల్లో సగం ఉత్త తుంపరే అయ్యుండొచ్చు, నీకెలా తెలుసు?"

దానికి భవాని దగ్గర జవాబు లేదు. సార్ వైపు చూసింది. ఆయన మళ్లీ పేపర్లలో తల దూర్చేశారు, కావాలనే.

రూళ్లకర్ర తీసుకుని కొత్త పేజీలో నాలుగు గడులు గీసింది: పొడుగువి, లావువి, మెలికలవి, అనుమానం. సీను థర్మాకోల్ పెట్టెలోకి తొంగిచూశాడు. అడుగున గుప్పెడు ముక్కలు.

"ఇంకో అరగంట వస్తాయేమో. చుక్కలు నువ్వు చూడు, పొడుగువి నేను చూస్తా. ముందు ఈ పెనం తీయడానికి ఒక చెయ్యి వెయ్యి, నా ఒక్కడివల్ల ఊడట్లేదు."