నిశ్చితం - కారణం: రెండూ నిజమే, ముడి మాత్రం పడదు

సూచన: ఈ పత్రంలో ఆరింటికీ జవాబు రెండో ఆప్షనే: "నిశ్చితం, కారణం రెండూ సరైనవే, కానీ కారణం నిశ్చితానికి సరైన వివరణ కాదు." నేనే చెప్పేశాను కాబట్టి దాన్ని గుర్తించినందుకు మార్కు లేదు. అసలు కారణాన్ని ఒక వాక్యంలో రాస్తే 2 మార్కులు. సమయం 20 నిమిషాలు.

1. నిశ్చితం: ఉత్తరార్ధగోళంలో జనవరి చలికాలం.
కారణం: భూమి సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తాకార కక్ష్యలో తిరుగుతుంది.

2. నిశ్చితం: మంచు నీటిపై తేలుతుంది.
కారణం: నీటి విశిష్టోష్ణం మంచు విశిష్టోష్ణం కంటే ఎక్కువ.

3. నిశ్చితం: వజ్రం విద్యుత్తును ప్రవహింపనీయదు.
కారణం: వజ్రం అత్యంత కఠినమైన పదార్థాల్లో ఒకటి.

4. నిశ్చితం: ధమనుల గోడలు సిరల గోడల కంటే మందంగా ఉంటాయి.
కారణం: చాలా ధమనులు ఆక్సిజన్ నిండిన రక్తాన్ని తీసుకెళ్తాయి.

5. నిశ్చితం: నక్షత్రాలు మిణుకుమిణుకుమంటాయి.
కారణం: నక్షత్రాలు స్వయంప్రకాశకాలు.

6. నిశ్చితం: √2 కరణీయ సంఖ్య.
కారణం: 2 సరి సంఖ్య.

జవాబులు (రాశాకే చూడండి)

1. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. కక్ష్య దీర్ఘవృత్తం కాబట్టి దూరం మారుతుంది, దూరం పెరిగితే చలి అనుకుంటారు. తీరా చూస్తే భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలోనే: దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులైలో అది 15.2 కోట్లు. పైగా దూరమే కారణమైతే రెండు అర్ధగోళాల్లోనూ ఒకేసారి చలికాలం రావాలి. భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండటమే అసలు సంగతి.

2. గడ్డకట్టినప్పుడు హైడ్రోజన్ బంధాల వల్ల అణువుల మధ్య ఖాళీలు పెరిగి సాంద్రత తగ్గుతుంది. వేడికీ తేలడానికీ పొత్తు లేదు.

3. ఈ ప్రశ్న నాకు ఇష్టం. ప్రతి కార్బన్ పరమాణువూ నాలుగు సంయోజనీయ బంధాల్లో బిగుసుకుపోయింది. కాఠిన్యం ఆ బంధాల నుంచే వచ్చింది, స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లేకపోవడమూ వాటి వల్లే. అంటే రెండు వాక్యాలూ ఒకే తల్లి బిడ్డలు. అన్న తమ్ముడికి కారణం కాడు కదా! కఠినంగా ఉండే ఉక్కులో విద్యుత్తు చక్కగానే ప్రవహిస్తుంది.

4. గుండె నెట్టే రక్తపు ఒత్తిడిని తట్టుకోవడానికి. "చాలా" అన్న మాట గమనించారా? పుపుస ధమనిలో ఉండేది ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తమే.

5. గాలి పొరల్లో కాంతి వక్రీభవనం నిలకడగా ఉండదు. వాతావరణం దాటి అంతరిక్షంలోంచి చూస్తే అవే నక్షత్రాలు మిణకవు. స్వయంప్రకాశం మాత్రం అక్కడా ఉంది.

6. "సరి" అన్నది చూసి మోసపోకండి. 3, 5 బేసి సంఖ్యలు, √3, √5 కూడా కరణీయాలే. 4 సరి సంఖ్య, √4 మాత్రం 2. ధన పూర్ణసంఖ్య పరిపూర్ణ వర్గం కాకపోతే దాని వర్గమూలం కరణీయం అవుతుంది. 2 పరిపూర్ణ వర్గం కాదు.