నా గురించి

ఇల్లు కొనడమంటే చాలామందికి ఏళ్ల తరబడి కూడబెట్టినదంతా ఒక్క సంతకంతో అప్పగించడం. ఆ సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్నలన్నీ మీ తరఫున అడగడమే రియల్ ఎస్టేట్ ఏజెంటుగా నా పని.

నేను ఉండేది ఈ ప్రాంతంలోనే, చూసేదీ ఇక్కడి ఇళ్లు, స్థలాలే. వానాకాలంలో ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో ముందే చెబుతాను. దస్తావేజుల్లో యజమానుల వరుస తెగకుండా ఉందా, తాకట్టు ఏమైనా మిగిలి ఉందా, కాగితం మీది కొలతలూ నేల మీది హద్దులూ ఒకటేనా అన్నది తేలేవరకు అడ్వాన్సు ఇవ్వమనను. వారసుల్లో ఒక్కరి సంతకం తక్కువైనా బేరం ఆపేస్తాను, నా కమీషన్ పోయినా సరే.

అమ్మేవారికి లేనిపోని ధర చెప్పి ఆశపెట్టను. చుట్టుపక్కల ఇటీవల జరిగిన అమ్మకాలు చూపించి, మీ ఇల్లు ఎంత పలుకుతుందో చెబుతాను. గోడలో చెమ్మ ఉంటే కొనేవారి దగ్గర దాచను. ముందే బాగు చేయించమంటాను.

కమీషన్ ఎంతో మొదటి రోజే రాసిస్తాను. ఇరుపక్షాల నుంచీ తీసుకుంటే ఇద్దరికీ తెలిసే తీసుకుంటాను. లైసెన్సు చూపమని మొహమాటం లేకుండా అడగండి. నా ద్వారా కొన్నవారిలో, అమ్మినవారిలో మాట్లాడటానికి ఒప్పుకున్నవారి నంబర్లు ఇస్తాను. ముందు వారితో మాట్లాడి, ఆ తర్వాతే నాతో పని మొదలుపెట్టండి.