సి-3 జాయింట్: కాలమ్ గట్టిగా, బీమ్ ముందుగా లొంగేలా తనిఖీ

ప్రాజెక్టు: స్టిల్ట్ + 5 అపార్ట్‌మెంట్, పెరుంగుడి, చెన్నై. రెండో అంతస్తు, లోపలి జాయింట్ సి-3, ఎక్స్ దిశ. చెన్నై ఐఎస్ 1893:2016 ప్రకారం జోన్ 3. ఫ్రేమ్ డక్టైల్‌గా డిజైన్ చేశాం కాబట్టి ఐఎస్ 13920:2016 షరతు ఇది: జాయింటులో కలిసే కాలమ్‌ల మొమెంట్ బలాల మొత్తం, బీమ్‌ల మొమెంట్ బలాల మొత్తానికి కనీసం 1.4 రెట్లు ఉండాలి.

ΣMc ≥ 1.4 ΣMb

కాంక్రీటు ఎం30, స్టీలు ఎఫ్‌ఈ500డి. కొలతలన్నీ ఎంఎంలో: బీమ్ 300 × 500, పైన 4-20, అంటే 20 ఎంఎం రాడ్లు నాలుగు, కింద 3-20. కాలమ్ 400 × 500, 8-20 రాడ్లు.

బీమ్ బలం

భూకంపం ఒక వైపు ఊపితే జాయింటుకు ఒక పక్క బీమ్ పైభాగం, రెండో పక్క కిందిభాగం లాగబడతాయి. పైభాగం లాగబడే చోట 222, కిందిభాగం లాగబడే చోట 180, మొత్తం 402 కిలోన్యూటన్ మీటర్లు. మొదటి షీటు ఇక్కడే ఆగింది.

అది చాలదు. స్లాబు బీముతో కలిపి పోసిందే. ఫ్లాంజ్ వెడల్పు 1633లో బీమ్ వెడల్పు తీసేస్తే మిగిలిన చోట, 150కి ఒకటి చొప్పున 8 ఎంఎం పై రాడ్లు తొమ్మిది ఉన్నాయి. బీముతో పాటు అవీ లాగుతాయి. వాటిని కలిపితే 222 కాస్తా 300 అవుతుంది, మొత్తం 480. బీమ్ మనం అనుకున్నదానికన్నా బలంగా ఉంటే ముందు విరిగేది కాలమే. ఒక అంతస్తు కాలమ్‌లన్నీ పైనా కిందా లొంగితే ఆ అంతస్తు మొత్తం కూలిపోతుంది. అందుకే స్లాబు రాడ్లను వదలకూడదని నా గట్టి అభిప్రాయం.

కాలమ్ బలం

ఇక్కడ తక్కువ బలం ఇచ్చే అక్షీయ భారమే తీసుకోవాలి. భూకంప కాంబినేషన్లలో పై కాలమ్‌కు 560 నుంచి 930, కింది దానికి 720 నుంచి 1200 కిలోన్యూటన్లు. రెంటికీ కనిష్ఠ భారమే గవర్న్ చేస్తోంది: 282 + 292 = 574.

574 / 402 = 1.43
574 / 480 = 1.20

స్లాబు లేకుండా పాస్, కలిపితే ఫెయిల్. 1.4 అందకపోతే కోడ్ ప్రకారం ఆ కాలమ్‌ను గురుత్వ భారం మోసేదిగా మాత్రమే చూడాలి, భూకంప బలానికి లెక్కలోకి రాదు. లోపలి కాలమ్‌ను అలా వదులుకోలేం.

మార్పు

సైజు అదే. మూలల్లో 4-25, మిగతావి 4-20 (1.6 శాతం). అప్పుడు 338 + 347 = 685.

685 / 480 = 1.43, సరిపోయింది.

25 రాడ్లు మూలలకే పెట్టడానికి కారణం ఉంది: బీమ్ 300, కాలమ్ 400, కాబట్టి బీమ్ రాడ్లు మూల రాడ్ల మధ్య నుంచి దూరిపోతాయి. వై దిశలో బీములు చిన్నవి, ఇబ్బంది లేదు.

సైటుకు: బీమ్ పై రాడ్లలో "సేఫ్టీకి ఒకటి ఎక్కువ" అని మాకు చెప్పకుండా ఐదోది వేయొద్దు, నిష్పత్తి వెంటనే 1.4 కిందికి పడుతుంది. రింగులు జాయింటు లోపల కూడా ఆపకుండా కట్టండి. బార్ బెండింగ్ షెడ్యూల్లో సి-3 మార్చాం, పాత షీటు వాడకండి.